పేరు లేని నేపథ్య సంగీతం: కర్తను ఆనవాలు పట్టే విధానం

సినిమా టైటిల్స్‌లో సంగీతం అని ఒక్క పేరే పడుతుంది. ఆ సినిమాలో వినిపించే ప్రతి బిట్టూ ఆ పేరు గల మనిషే కూర్చాడని అనుకోవడానికి వీల్లేదు. హాలీవుడ్ స్టూడియోలు జీతాల మీద సంగీతకారులను పెట్టుకున్న రోజుల్లో ఒకే సినిమాకు ముగ్గురు నలుగురు తలా కొంత రాసేవారు. గడువు ముంచుకొస్తే పాత సినిమాల రికార్డింగుల నుంచి ముక్కలు తెచ్చి అతికించేవారు. మ్యూజిక్ లైబ్రరీల్లో ముందే రికార్డు చేసి పెట్టిన సంగీతాన్ని కొని వాడుకున్నవారూ ఉన్నారు. అందువల్ల చక్కని నేపథ్య సంగీతం చేతిలో ఉండి, దాని కర్త ఎవరో తెలియని పరిస్థితి తరచుగా ఎదురవుతుంది. అలాంటప్పుడు సంగీత చరిత్రకారులు ఆ సంగీతాన్నే సాక్ష్యం అడుగుతారు.

ఆ సాక్ష్యం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి బాణీ: స్వరాలు ఏ వరసలో నడుస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఏ మలుపు మళ్లీ మళ్లీ వస్తోంది అన్నది. రెండోది ఆర్కెస్ట్రేషన్: ఆ స్వరాలను ఏ వాద్యాలకు పంచారు, ఏ స్థాయిలో వాయించారు, ఏ వాద్యాన్ని అసలు పిలవలేదు అన్నది. పాటలకు అలవాటుపడిన చెవి మొదటిదాన్నే పట్టుకుంటుంది. నేపథ్య సంగీతంలో మాత్రం రెండోదే ఎక్కువ మాట్లాడుతుంది, ఎందుకంటే ముప్పై సెకన్ల బిట్టులో పూర్తి బాణీ అనదగ్గది ఉండకపోవచ్చు గానీ వాద్యాలు తప్పకుండా ఉంటాయి.

ఈ రెండు సాక్ష్యాలూ ఒకే మనిషివి అని ముందే అనుకోవడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు. హాలీవుడ్‌లో సంగీత దర్శకుడు చాలాసార్లు మూడు నాలుగు వరుసల్లో కుదించిన స్కోరు రాసి ఇస్తే, దాన్ని పూర్తి ఆర్కెస్ట్రాకు విస్తరించే పని ఆర్కెస్ట్రేటర్ అనే వేరే వ్యక్తి చేసేవాడు. మాక్స్ స్టైనర్ రాసిన స్కోర్లను వార్నర్ బ్రదర్స్‌లో ఏళ్ల తరబడి హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ ఆర్కెస్ట్రేట్ చేశాడు. ఏ గీత ఏ వాద్యానికో స్టైనర్ తన కాగితాల అంచుల్లో సూచనలు రాసేవాడు కాబట్టి నిర్ణయాలు చాలావరకు ఆయనవే. అయినా చివరి నేత ఫ్రీడ్‌హోఫర్ చేతిది. పైగా అదే ఫ్రీడ్‌హోఫర్ ఎరిక్ కార్న్‌గోల్డ్‌కూ పనిచేశాడు. వార్నర్ వారి 1930ల సినిమా ముక్క ఒకటి దొరికి, అందులో హార్న్‌లను పేర్చిన తీరు ఫలానా సినిమాలోలా ఉందని తేలితే, ఆ పోలిక ఆర్కెస్ట్రేటర్‌ను చూపిస్తోందా, స్వరకర్తను చూపిస్తోందా అన్నది విడిగా తేల్చుకోవాలి. బొంబాయి సినీరంగంలోనూ ఇదే సమస్య ఉంది. గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా శంకర్-జైకిషన్‌కూ, ఓ.పి. నయ్యర్‌కూ అరేంజరుగా పనిచేశాడు. ఆ రెండు వర్గాల పాటల్లో వయొలిన్ల నడక ఒకేలా వినిపిస్తే ఒకరు మరొకరిని అనుకరించారని చెప్పనక్కర్లేదు.

కాబట్టి మొదటి పరీక్ష వినడం కాదు, విచారించడం. అనుమానితుల్లో ఎవరు తమ ఆర్కెస్ట్రేషన్ తామే రాసుకునేవారో తెలుసుకోవాలి. ప్రతి వాద్యానికీ ఏం వాయించాలో స్టాఫ్ నొటేషన్‌లో స్వయంగా రాసి ఇచ్చే ఇళయరాజా లాంటి వారి విషయంలో బాస్ గిటార్ నడకైనా, వయొలిన్లు పాటకు ఎదురుగా అల్లే గీతైనా నేరుగా కర్త మీదికే వేలు చూపిస్తుంది. హాలీవుడ్‌లో ఈ కోవకు చెందినవారిలో మొదట చెప్పుకోవలసింది బెర్నార్డ్ హెర్మన్‌ను. 1911లో న్యూయార్క్‌లో పుట్టి 1975లో కన్నుమూసిన హెర్మన్ ఆర్సన్ వెల్స్ ‘సిటిజన్ కేన్’తో మొదలుపెట్టి హిచ్‌కాక్ సినిమాల మీదుగా ‘టాక్సీ డ్రైవర్’ వరకు పనిచేశాడు. తన ఆర్కెస్ట్రేషన్ ఇంకొకరికి అప్పగించడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. అది బొటనవేలి ముద్ర లాంటిదనీ, ఒకరి ముద్ర మరొకరు వేయలేరనీ ఆయన వాదన. పేరు లేని ముక్కను ఆనవాలు పట్టే పద్ధతి నేర్చుకోవడానికి ఆయన సంగీతం కంటే మంచి పాఠం దొరకదు.

హెర్మన్ అలవాట్లలోకి వెళ్లే ముందు, ఏది అలవాటు కింద లెక్కకు వస్తుందో చూడాలి. భయం పుట్టించే సన్నివేశంలో వయొలిన్లు సన్నగా వణకడం ఎవరి అలవాటూ కాదు, అది అందరి సొత్తు. యుద్ధానికి ట్రంపెట్లు, ప్రేమకు వయొలిన్లు, పల్లెటూరికి ఫ్లూట్ అన్నవీ అంతే. ఇలాంటివి సన్నివేశం గురించి చెబుతాయి గానీ రాసినవాడి గురించి చెప్పవు. స్టూడియో కూడా కొన్ని లక్షణాలను అందరి మీదా రుద్దుతుంది. జీతానికి ఉన్న వాద్యకారులు ఎంతమంది, రికార్డింగ్ హాలు ఎంత పెద్దది, మైకులు ఎక్కడ పెట్టారు అన్నవి ఆ స్టూడియోలో తయారైన ప్రతి సినిమాలోనూ ఒకేలా వినిపిస్తాయి. అందరూ ఒకలా చేసే చోట ఒక్కడే మరోలా చేస్తే, అలా ఒకసారి కాకుండా సంబంధం లేని అనేక సినిమాల్లో చేస్తే, అప్పుడు అది అలవాటు. అందుకే పోలిక ఎప్పుడూ ఇద్దరి మధ్య సరిపోదు. అనుమానితుడి ముక్కలతో పాటు, అదే కాలంలో అదే రకం సినిమాలకు మరికొందరు చేసిన ముక్కలూ పక్కన పెట్టుకుని వినాలి. ఈ రెండో వరుస లేకుండా చేసిన గుర్తింపులు చాలావరకు ఆ కాలపు ఫ్యాషన్‌ను ఒక మనిషికి అంటగట్టినవే.

వాద్యాల జాబితా వేసుకోవడం దగ్గర అసలు పని మొదలవుతుంది. వినిపించే వాద్యాలను రాసుకోవడం అందరూ చేస్తారు. వినిపించనివాటిని రాసుకునేవారు తక్కువ. హెర్మన్ విషయంలో ఆ రెండో జాబితాకే విలువ ఎక్కువ. ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ (1951)లో మామూలు వయొలిన్ల బృందం లేదు. దాని బదులు రెండు థెరమిన్లు, విద్యుత్తుతో మోగే వయొలిన్, చెల్లో, బాస్, వాటితో ఆర్గన్లు, హార్ప్‌లు, ఇత్తడి వాద్యాలు వినిపిస్తాయి. ‘జర్నీ టు ద సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ (1959)లోనూ వయొలిన్లు లేవు. భూగర్భంలోకి దిగుతున్న కొద్దీ ఒక పెద్ద చర్చి ఆర్గన్, నాలుగు విద్యుత్ ఆర్గన్లు, వాటి నడుమ సర్పెంట్ అనే పాతకాలపు వంకరటింకర గొట్టపు వాద్యం వినిపిస్తాయి. ‘సైకో’ (1960) దీనికి పూర్తిగా తలకిందులు. అందులో తీగ వాద్యాలు తప్ప మరేవీ లేవు. హిచ్‌కాక్ తిరస్కరించిన ‘టోర్న్ కర్టెన్’ (1966) స్కోరులో పన్నెండు ఫ్లూట్లు, పదహారు హార్న్‌లు, తొమ్మిది ట్రాంబోన్లు ఉన్నాయి, వయొలిన్ ఒక్కటీ లేదు. ఈ సినిమాల కథలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఆర్కెస్ట్రాలో ఒక భాగాన్ని పూర్తిగా తీసేసి, మిగిలినదాన్ని మామూలుకు మించి పెంచడం మాత్రం అన్నింటిలో ఉంది.

పెద్ద ఎత్తున జరిగే ఈ ఎంపిక కంటే చిన్న విషయాలే నమ్మకమైన ఆనవాళ్లు, ఎందుకంటే పెద్దవాటిని అనుకరించడం తేలిక. హెర్మన్ ఫ్లూట్లను, క్లారినెట్లను వాటి పై స్థాయిలో కాక అడుగు స్థాయిలో ఎక్కువగా వాయింపజేస్తాడు. ‘సిటిజన్ కేన్’ మొదట్లో ఆ పాడుబడిన కోటను చూపించేటప్పుడు వచ్చే మసక ధ్వనిలో మంద్ర స్థాయి చెక్కవాద్యాల పాత్ర పెద్దది. వాద్య కుటుంబాలను ఆయన కలిపి కలగాపులగం చేయడు. ఇత్తడి వాద్యాలు ఒక మాట అంటే, అవి ఆగాక చెక్కవాద్యాలు జవాబిస్తాయి, తర్వాత తీగ వాద్యాలు అందుకుంటాయి. ఒక్కో కుటుంబం విడివిడి దిమ్మెలా నిలుస్తుంది. కార్న్‌గోల్డ్ సంగీతంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం కనిపిస్తుంది. అక్కడ హార్ప్, సెలెస్టా, వయొలిన్లు, హార్న్‌లు ఒకదానిలో ఒకటి కరిగి మెరుస్తాయి, ఏ క్షణాన ఏది ఆగిందో తెలియదు. ఇద్దరి ముక్కలు పక్కపక్కన వింటే నొటేషన్ చదవడం రానివారికి కూడా ఈ తేడా తెలిసిపోతుంది.

ఇక బాణీ. దాన్ని పరీక్షించాలంటే ముందు దాని మీది వాద్యాల తొడుగు తీసేయాలి. ముక్కను హార్మోనియం మీదో కీబోర్డు మీదో ఒక్క గొంతుగా వాయించుకుని, సరిగమల్లో రాసుకోవడమే ఇందుకు తేలిక మార్గం. హెర్మన్ ముక్కను ఇలా రాసుకుంటే మొదట కలిగేది ఆశ్చర్యం, రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. పల్లవిలా సాగే ఎనిమిది బార్ల బాణీలు ఆయనకు పెద్దగా ఇష్టం లేదు. ఒకటి రెండు బార్లలో ముగిసే బుల్లి స్వరగుచ్ఛం ఉంటుంది. అది అలాగే మళ్లీ వస్తుంది, తర్వాత ఒక మెట్టు పైనో కిందో పెట్టి మళ్లీ వస్తుంది. పదిహేను సెకన్ల తర్వాత దృశ్యం మారినా, ఇరవై రెండు సెకన్లకు మారినా ఇబ్బంది లేకుండా కత్తిరించడానికి ఈ పద్ధతి అనువుగా ఉండేది కూడా.

ఆ గుచ్ఛాల కింద తరచుగా ఒకే స్వరసముదాయం దొరుకుతుంది. మన లెక్కలో చెబితే షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం, కాకలి నిషాదం. కీరవాణిలో ఈ నాలుగు స్వరాలూ ఉన్నాయి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి పాడితే చెవికి హాయిగానే ఉంటుంది. నాలుగింటినీ ఒకేసారి మోగిస్తే మాత్రం కింది మూడు స్వరాలు విషాదంగా కుదురుకుంటుంటే పైనున్న నిషాదం పై షడ్జమాన్ని అందుకోలేక గుచ్చుకుంటుంది. పాశ్చాత్య విశ్లేషకులు దీనికి ‘హిచ్‌కాక్ కార్డ్’ అని పేరు పెట్టారు. ‘వెర్టిగో’ (1958) టైటిల్ సంగీతంలో ఈ నాలుగు స్వరాలే విడివిడిగా, ఒక వరుస పైకీ మరో వరుస కిందికీ సుడి తిరుగుతూ వస్తాయి. రెండేళ్లకు వచ్చిన ‘సైకో’ టైటిల్ సంగీతంలో అవే నాలుగు స్వరాలు ఒక్క దెబ్బగా పడి, తీగల మీద కత్తివేట్లలా వినిపిస్తాయి. ఒకటి కల కంటున్నట్టు ఉంటుంది, రెండోది తరుముతున్నట్టు ఉంటుంది. వాద్యాలు మారాయి, వేగం మారింది, స్వరాల ఎంపిక మారలేదు. ఆర్కెస్ట్రేషన్ పోలిక లేని చోట బాణీ సాక్ష్యం ఎలా పనికొస్తుందో ఈ జంట చెబుతుంది.

‘సైకో’లోనే మరో గుర్తు ఉంది. మూడే మూడు స్వరాలు. షడ్జమం నుంచి పైనున్న కైశికి నిషాదానికి ఒక్క గెంతు, అక్కడి నుంచి చతుశ్రుతి ధైవతానికి. నిషాదం పక్కింటిదే ధైవతం, ఒక్క అర్ధస్వరం దిగితే చాలు. హెర్మన్ ఆ పక్కనున్న ధైవతాన్ని వాడడు. దాన్నే ఒక స్థాయి కిందికి తోసి, షడ్జమానికి కూడా దిగువన, మంద్రంలో పలికిస్తాడు. మామూలుగా జారవలసిన చోట పాతాళంలో పడ్డట్టవుతుంది. ఈ మూడు స్వరాలు 1930లలో ఆయన కచేరీ కోసం రాసుకున్న ‘సింఫనియెట్టా ఫర్ స్ట్రింగ్స్’లో మొదట ఉన్నాయి, ‘సైకో’లో పిచ్చికి గుర్తుగా వచ్చాయి, 1976లో విడుదలైన ‘టాక్సీ డ్రైవర్’ ముగింపులో మళ్లీ వినిపించాయి. నలభై ఏళ్ల దూరంలో, మూడు వేర్వేరు రచనల్లో ఒకే విచిత్రమైన మలుపు రావడం కాకతాళీయం కాదు. స్వరకర్తలు తమ పాత రచనల నుంచి తామే తెచ్చుకున్న ఇలాంటి ముక్కలు దొరికితే గుర్తింపు సగం పూర్తయినట్టే. గమనించవలసిందల్లా ఆ మలుపు ఎంత అరుదైనదన్నది. ‘స ప స’ లాంటి మలుపు నలభై సినిమాల్లో దొరికినా దానివల్ల ఏమీ తేలదు.

ఈ పద్ధతి మొత్తాన్ని ఒకే ముక్క మీద నడిపి చూడటానికి టెలివిజన్ నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలో సి.బి.ఎస్. సంస్థ 1959లో ప్రసారం మొదలుపెట్టిన ‘ద ట్విలైట్ జోన్’ అనే ధారావాహికకు మొదటి విడతలో టైటిల్ సంగీతం హెర్మన్ రాశాడు. రెండో విడతలో, 1960లో, దాన్ని తీసేసి మరో సంగీతం పెట్టారు. ఈ రోజు ఆ ధారావాహిక పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ రెండోదే: గిటార్ మీద గబగబా నాలుగు స్వరాలు, మళ్లీ అవే నాలుగు, మళ్లీ అవే. దీని కర్త పేరు చెప్పకుండా ఎవరి ముందైనా పెడితే హెర్మన్ అనడానికి కారణాలు బోలెడు ఉన్నాయి. కాలం సరిపోయింది. సంస్థ సరిపోయింది, ఆయన సి.బి.ఎస్.లో ఎన్నో ఏళ్లు పనిచేసినవాడు, ఇదే ధారావాహికకు రాసినవాడు. బుల్లి స్వరగుచ్ఛం ఉంది, అది పట్టు వదలకుండా తిరిగి వస్తోంది. నిండు వయొలిన్ల బృందం లేదు, వాద్యాల కూర్పు వింతగా ఉంది. పైపై జాబితాలో ప్రతి గడిలోనూ టిక్కు పడుతుంది.

కాస్త లోపలికి వెళ్లి వింటే అనుమానాలు మొదలవుతాయి. గిటార్ పలికే నాలుగు స్వరాలను సరిగమల్లో రాస్తే గ మ గ స అవుతుంది, గాంధారం అంతర గాంధారం. ఇందులో హెర్మన్‌కు ఇష్టమైన గుచ్చుకునే నాలుగు స్వరాల పొందిక లేదు. అది పెద్ద అభ్యంతరం కాదు, ఆయన ప్రతి ముక్కలోనూ దాన్ని వాడలేదు. అసలు తేడా పునరుక్తిలో ఉంది. హెర్మన్ గుచ్ఛం తిరిగి వచ్చేటప్పుడు దాని కింది శ్రుతులు కదులుతాయి, లేదా గుచ్ఛమే మెట్టు మారుతుంది, లేదా ఒక వాద్య కుటుంబం నుంచి మరో కుటుంబానికి చేతులు మారుతుంది. ఇక్కడ గిటార్ ఎక్కడిదక్కడే యంత్రంలా తిరుగుతుంది. తర్వాత బోంగో డ్రమ్ములు, ఊదే వాద్యాలు వచ్చి పడతాయి. అవి గిటార్‌కు జవాబులా ఉండవు, గిటార్ చెప్పినదాంట్లోంచి పుట్టినట్టూ ఉండవు. రెండు వేర్వేరు ముక్కల్ని పక్కపక్కన పెట్టినట్టుంటుంది.

అసలు జరిగింది అదే. సి.బి.ఎస్. సంగీత విభాగాధిపతి లుడ్ గ్లస్కిన్ లైబ్రరీ కోసం ఉన్న రెండు పొట్టి రచనలను అతికించి ఆ టైటిల్ తయారుచేయించాడు. రెండూ బుఖారెస్ట్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన మారియస్ కాన్‌స్టాంట్ రాసినవి. ఒకదాని పేరు ‘ఎట్రాంజ్ నంబర్ 3’, రెండోదాని పేరు ‘మిల్యూ నంబర్ 2’. ఇక్కడ శైలి పరీక్ష రెండు పనులు చేయగలిగింది: హెర్మన్ కాడని చెప్పింది, ముక్కలో అతుకు ఉందని చెప్పింది. కాన్‌స్టాంట్ పేరును మాత్రం అది చెప్పలేదు, చెప్పలేదు కూడా ఎప్పటికీ. అమెరికన్ టెలివిజన్‌లో పోల్చి చూడటానికి ఆయన రచనలు ఎవరి దగ్గరా లేవు. అనుమానితుల జాబితాలో లేని మనిషిని శైలి ఎన్నటికీ పట్టివ్వలేదు. ఫలానావాడు కాదని చెప్పడంలో దానికున్న బలం ఫలానావాడే అని చెప్పడంలో లేదు.

అనుకరణ ఇంకో చిక్కు. సినిమా ఎడిటింగ్ జరిగేటప్పుడు సంగీతం ఇంకా సిద్ధం కాకపోతే తాత్కాలికంగా పాత సినిమాల సంగీతం పెట్టి చూసుకునే అలవాటు ఉంది. నెలల తరబడి అదే విని విని దర్శకుడు దానికి అలవాటుపడి, చివరకు సంగీత దర్శకుణ్ణి అలాంటిదే కావాలని అడుగుతాడు. తెలుగులోనూ ‘ఆ సినిమా ఆర్ఆర్ లా ఉండాలి’ అన్న మాట రీరికార్డింగ్ థియేటర్లలో కొత్తది కాదు. అడగకుండానే మెచ్చి అనుసరించేవారూ ఉన్నారు. 1985లో వచ్చిన ‘రీ-యానిమేటర్’కు రిచర్డ్ బ్యాండ్ ఇచ్చిన టైటిల్ సంగీతం ‘సైకో’ను బాహాటంగానే ఆధారం చేసుకుంది. వయొలిన్ల తరుముడు అదే. అయితే దాని కింద డ్రమ్ముల దరువు నడుస్తుంది, ‘సైకో’లో డ్రమ్ముకు చోటే లేదు. అనుకరించేవారు కంటికి కనిపించేదాన్ని తీసుకుంటారు: ఆరంభపు నాలుగు బార్లు, పేరుమోసిన ధ్వని. ఒక భాగం నుంచి మరో భాగానికి ఎలా వెళ్లారు, ముగింపు ఎలా ఆపారు, ఎవరూ పట్టించుకోని మధ్య స్వరాలు ఎలా నడిచాయి అన్నవి అనుకరించాలని ఎవరికీ తట్టదు. అందుకని అనుమానం ఉన్న ముక్కలో మొదటి పదిసెకన్లను పక్కన పెట్టి, ఆ తర్వాతి భాగాన్ని పరీక్షించడం మంచిది.

బాణీ ఒకరిది, కూర్పు మరొకరిది అయినప్పుడు ఏమవుతుందో చూపే ఉదంతాలు హాలీవుడ్‌లోనూ ఉన్నాయి, మద్రాసులోనూ ఉన్నాయి. 1949లో విలియం వైలర్ తీసిన ‘ద హెయిరెస్’కు ప్రఖ్యాత అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ సంగీతం ఇచ్చాడు. ఆయన రాసిన టైటిల్ సంగీతం వైలర్‌కు సరిపడలేదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి పాట ‘ప్లెజీర్ దామూర్’ బాణీని నేథన్ వాన్ క్లీవ్ చేత ఆర్కెస్ట్రాకు కూర్పించి టైటిల్‌లో చేర్చారు. తెర మీద పేరు కోప్లాండ్‌దే. అది తాను రాసింది కాదని కోప్లాండ్ పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. తమాషా ఏమిటంటే ఆ సంవత్సరం ఉత్తమ సంగీతానికి ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది. కోప్లాండ్ ప్రకటన ఇవ్వకపోయినా అనుమానం రావలసిందే. ఆయన స్వరాలను దూరదూరంగా పేరుస్తాడు, ఒకే గీతను అనేక వాద్యాలతో మందం చేయడు, నడుమ ఖాళీ వదులుతాడు. నిండు వయొలిన్ల మీద తియ్యగా సాగే ప్రేమగీతం ఆ పద్ధతికి ఇమడదు.

‘మాయాబజార్’ (1957) కథ ఇంతకంటే గడ్డుది. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాలది. శ్రీకరులు దేవతలు, లాహిరి లాహిరి, చూపులు కలసిన శుభవేళ, నీవేనా నను తలచినది అనే నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరు రాజేశ్వరరావు అనీ, ఆయన తప్పుకున్నాక ఘంటసాల వాటికి వాద్య సమ్మేళనం కూర్చి రికార్డు చేశారనీ సినీ చరిత్రకారులు చెబుతారు. ఈ సంగతి తెలియని పరిశోధకుడు కేవలం వినికిడి మీద ఏం తేల్చగలడు? ఆర్కెస్ట్రేషన్ సినిమా అంతటా ఒకే చేతిది, కాబట్టి అది ఘంటసాల వైపే చూపిస్తుంది. బాణీల్లో రాజేశ్వరరావు లలిత సంగీతపు పోకడ, పదాన్ని నిమురుతూ సాగే చిన్న చిన్న గమకాలు వినిపిస్తాయి. భీంప్లాస్ మీద ఆయనకున్న మక్కువ ప్రసిద్ధమే, నీవేనా పాట ఆ రాగంలోనిదే. లాహిరి మోహనంలో ఉంది. కానీ మోహనం, భీంప్లాస్ ఘంటసాలకూ కొట్టిన పిండే. పైగా గాయకుడిగా రాజేశ్వరరావు బాణీలు ఎన్నో పాడిన గొంతు అది, ఆ గమకాలు బాణీలోవా, పాడిన గొంతులోవా అన్నది విడదీయడం కష్టం. నాలుగు పాటల మీద అనుమానం లేవనెత్తే వరకు శైలి తీసుకెళ్తుంది. సరిగ్గా ఈ నాలుగే అని గీత గీసింది మాత్రం ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారి సాక్ష్యం.

శైలికి తోడు కావలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. అన్నింటికంటే పనికొచ్చేది క్యూ షీట్. సినిమాలో వినిపించే ప్రతి సంగీత ఖండానికీ ఒక వరుస చొప్పున దాని పేరు, నిడివి, స్వరకర్త, హక్కుదారు వివరాలతో రాయల్టీ లెక్కల కోసం తయారుచేసే పట్టిక ఇది. తెర మీది పేర్లకూ దీనికీ ఎంత తేడా ఉంటుందో యూనివర్సల్ స్టూడియో 1954లో విడుదల చేసిన ‘క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ చెబుతుంది. తెర మీద సంగీత విభాగాధిపతి జోసెఫ్ గెర్షన్‌సన్ పేరే పడింది. సంగీతం రాసినవారిలో హాన్స్ సాల్టర్, హర్మన్ స్టీన్, అప్పటికి పేరు రాని హెన్రీ మాన్సినీ ముఖ్యులు. నీటి జంతువు కనిపించినప్పుడల్లా ఇత్తడి వాద్యాలు అరిచే మూడు స్వరాల సంకేతం స్టీన్ రాసింది. ముగ్గురూ తమ తమ ఖండాల్లో అదే సంకేతాన్ని వాడుకోవలసి వచ్చింది, ఒకే స్టూడియో ఆర్కెస్ట్రా వాయించింది. బాణీలో పదే పదే వచ్చే గుర్తు కర్తను పట్టిస్తుందన్న సూత్రం ఇక్కడ తిరగబడుతుంది, ఆ గుర్తు సినిమాది గానీ మనిషిది కాదు. దాన్ని పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న సంగీతాన్నే పోల్చాలి. వియన్నాలో చదువుకుని వచ్చిన సాల్టర్ శ్రుతుల సాంద్రతనూ, డాన్స్ బ్యాండ్ అరేంజ్‌మెంట్ల నుంచి వచ్చిన మాన్సినీ పద్ధతినీ విడదీయడానికి దారి అక్కడే ఉంది.

క్యూ షీట్లు కూడా తప్పు చెప్పవచ్చు. పాత ముక్కను అతికించినప్పుడు దాని కర్త పేరు రాయడం మరచిపోవడం, ఇద్దరు కలిసి చేసినదాన్ని ఒకరి పేరున రాయడం జరుగుతూనే ఉంటాయి. వాటిమీద వాద వివాదాలు వచ్చినప్పుడు చివరి మాట చేతిరాత స్కోరుది. హెర్మన్ కాగితాల్లో పెద్ద భాగం శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. స్కోరూ లేక, క్యూ షీటూ లేక, శైలి ఒక్కటే మిగిలినప్పుడు జాగ్రత్తగల సూచీకారులు కర్త గడిలో పేరు రాసి ఊరుకోరు. ‘ఫలానావారిదిగా భావిస్తున్నారు’ అని రాసి, ఏ ఆనవాళ్ల మీద అలా భావిస్తున్నారో కింద నమోదు చేస్తారు, రేపు ఇంకో కాగితం దొరికితే సరిచూసుకోవడానికి.